సంతకం మాత్రమే, కాగితం వద్దు

కాలేజీ గుర్తింపు కార్డుల మీద, శిక్షణ పూర్తయినట్టు ఇచ్చే సర్టిఫికెట్ల మీద, అపార్ట్‌మెంటు సంఘాల రసీదుల మీద ఒక సంగతి తరచూ కంటపడుతుంది. కార్డు రంగు లేత పసుపో నీలమో అయి ఉంటుంది. సంతకం వెనక మాత్రం బూడిద ఛాయ గల తెల్ల గడి ఒకటి నిలబడి ఉంటుంది. ఆ గడి అంచున పాత ఫారం మీది గీత ముక్క, పక్కన అచ్చులో ఉన్న ఒక మాట సగం తెగి కనిపిస్తాయి. సంతకాన్ని కాగితంతో సహా కోసి అతికించారన్నమాట. నిజానికి కావలసింది సిరా ఒక్కటే. కాగితం, గీత, అచ్చు అక్షరాలు అన్నీ పోయి, సిరా ఉన్నచోట సిరా, లేనిచోట ఏమీ లేకుండా ఉండే బొమ్మ కావాలి. పీఎన్‌జీ ఫైలు అందుకు వీలిస్తుంది. అందులో ప్రతి చుక్కకూ రంగుతో పాటు, అది ఎంత కనిపించాలో చెప్పే ఇంకో అంకె కూడా ఉంటుంది. ఆ అంకెను ఆల్ఫా అంటారు. 0 అయితే ఆ చుక్క పూర్తిగా పారదర్శకం, 255 అయితే పూర్తిగా కనిపిస్తుంది. జేపెగ్ ఫైలులో ఈ అంకెకు చోటే లేదు.

ఈ పని చేసిపెడతామనే వెబ్‌సైట్లు బోలెడున్నాయి. కాకపోతే, ఎవరిదో సంతకాన్ని ఊరూ పేరూ తెలియని సర్వరుకు పంపించడం నాకు బొత్తిగా నచ్చదు. అందులోనూ వందలమంది విద్యార్థుల సంతకాలు చేతిలో ఉన్న ఆఫీసు ఆ పని చేయకూడదు. పైతాన్ భాష, ఓపెన్‌సీవీ అనే ఉచిత లైబ్రరీ ఉంటే మన కంప్యూటర్ మీదే, ఇంటర్నెట్ లేకుండానే ముప్పై వరుసల లోపు కోడ్‌తో పని అయిపోతుంది. ఆ వరుసల వెనక ఉన్న ఆలోచన తెలిస్తే, ఏది ఎక్కడ చెడిందో కూడా మనమే కనిపెట్టగలం.

ఒక నమూనా తీసుకుందాం. డిగ్రీ కాలేజీ ప్రవేశ ఫారం. ఏ4 కాగితం, నల్ల అచ్చు. అడుగున కుడివైపు విద్యార్థి సంతకం కోసం ఒక గీత. విద్యార్థి నీలం బాల్ పెన్నుతో సంతకం చేశాడు. పేరు తెలుగులో రాసే అలవాటు కాబట్టి ఒత్తులు గీత కిందికి దిగాయి, చివర కింద రెండు చుక్కలు పెట్టాడు. ఈ సంతకాన్ని లేత పసుపు గుర్తింపు కార్డు మీదికి చేర్చాలి.

మొదటి జాగ్రత్త స్కానింగ్ దగ్గరే. 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, రంగులో స్కాన్ చేయాలి. ఏ4 కాగితం అప్పుడు 2480 చుక్కల వెడల్పు, 3508 చుక్కల ఎత్తు గల బొమ్మ అవుతుంది. బాల్ పెన్ను గీత సుమారు 0.4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది కనుక బొమ్మలో దాదాపు ఐదు చుక్కలు వస్తుంది. ఈ ఐదు మనకు చాలా అవసరం. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. 100 డీపీఐ దగ్గర అదే గీత ఒకటిన్నర చుక్కే. దాన్ని శుభ్రం చేయబోతే అదే మాయమైపోతుంది. స్కానర్‌లో 'నలుపు తెలుపు' అన్నది ఎంచుకుంటే ఇంకా నష్టం. రంగు సమాచారమంతా అక్కడే పోతుంది, నీలం సిరాకూ నల్ల అచ్చుకూ తేడా మళ్లీ ఎప్పటికీ దొరకదు.

ఫైలును వీలైతే పీఎన్‌జీగానో టిఫ్‌గానో దాచాలి. జేపెగ్ చాలావరకు రంగు వివరాలను నిలువునా అడ్డంగా సగానికి తగ్గించి దాస్తుంది. వెలుగు నీడలు పదునుగానే ఉంటాయి గాని, రంగు మాత్రం అంచు దాటి రెండేసి చుక్కలు బయటికి పాకుతుంది. కంటికి ఇది తెలియదు. రంగును బట్టి సిరాను పట్టుకునే మన పద్ధతికి తెలుస్తుంది. ఆఫీసులో స్కాన్లు పీడీఎఫ్‌గానే ఉంటే తెర మీద తెరిచి స్క్రీన్‌షాట్ తీయడం మాత్రం వద్దు. తెర మీద కనిపించేది అసలు బొమ్మలో మూడో వంతు స్పష్టతే కావచ్చు. లోపలున్న బొమ్మను ఉన్నదున్నట్టు బయటికి తీసే చిన్న పనిముట్టు ఉంది:

```
pdfimages -all form.pdf page
```

ఇక సిరాను గుర్తించడం. కంప్యూటర్‌కు బొమ్మ అంటే అంకెల పట్టిక. ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు, ఒక్కోటి 0 నుంచి 255 వరకు. తెల్ల కాగితం అన్నింట్లో 240 ప్రాంతంలో ఉంటుంది, నల్ల అచ్చు 45 ప్రాంతంలో. అందరికీ మొదట తోచే ఉపాయం, మూడింటినీ కలిపి ఒకే బూడిద రంగు అంకెగా మార్చి, మధ్యలో ఒక హద్దు పెట్టడం. 150 కంటే తక్కువైతే సిరా, ఎక్కువైతే కాగితం. ఈ హద్దునే థ్రెషోల్డ్ అంటారు.

ఆ 150ని ఎవరు నిర్ణయించాలి? జపాన్‌కు చెందిన నొబుయుకి ఓత్సు 1979లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. 0 నుంచి 255 వరకు ప్రతి అంకెనూ హద్దుగా పెట్టి చూస్తారు. హద్దుకు ఇటూ అటూ రెండు గుంపులు ఏర్పడతాయి. ఏ హద్దు దగ్గర ఒక్కో గుంపులోని అంకెలు తమలో తాము బాగా దగ్గరగా ఉండి, రెండు గుంపులూ ఒకదానికొకటి బాగా దూరంగా ఉంటాయో దాన్నే ఎంచుకుంటారు. మనిషి అంకె చెప్పక్కర్లేదు, కాగితం కొంచెం మాసినా దానికదే సర్దుకుంటుంది.

అయితే ఓత్సు పద్ధతి ఒక సంగతిని ముందే నమ్మేస్తుంది: బొమ్మలో రెండు గుంపులు ఉన్నాయని. సంతకం చేయని ఖాళీ ఫారం ఒకటి కట్టలో కలిసిందనుకోండి. అక్కడ ఉన్నది కాగితం ఒక్కటే, దాని అంకెలు 236 నుంచి 244 దాకా అటూ ఇటూ ఊగుతుంటాయి. ఓత్సు మధ్యలో 240 దగ్గర హద్దు గీసి, కాగితంలో దాదాపు సగాన్ని సిరా అని తేల్చేస్తుంది. బయటికొచ్చే పీఎన్‌జీ నిండా ఇసుక చల్లినట్టు ఉంటుంది. మొత్తం పేజీని ఒకేసారి ఇచ్చినా చిక్కే. లేత సిరా పేజీలో అతి స్వల్ప భాగం కనుక, హద్దును నల్ల అచ్చూ తెల్ల కాగితమే నిర్ణయిస్తాయి, సంతకంలోని సన్నని గీతలు కాగితం వైపు పడిపోతాయి. అందుకే ముందుగా సంతకం ఉన్న భాగాన్ని కోసుకోవాలి.

మన నమూనాలో 800 చుక్కల వెడల్పు, 300 చుక్కల ఎత్తు కోస్తున్నాం. కాగితం మీద అది సుమారు 6.8 సెంటీమీటర్లు, 2.5 సెంటీమీటర్లు. ఫారాలు స్కానర్‌లోకి వెళ్లేటప్పుడు ఒకటి రెండు మిల్లీమీటర్లు జరుగుతాయి. 2 మిల్లీమీటర్లంటే 24 చుక్కలు. కనుక గడి చుట్టూ ఆ మాత్రం వదులు ఉంచాలి. తెలుగు సంతకాలకు కింద ఇంకాస్త ఎక్కువ వదలాలి. ఒత్తులు, కొమ్ముల తోకలు, కింద పెట్టే చుక్కలు గీత కిందే ఉంటాయి. ఇంగ్లీషు సంతకాన్ని చూసి కొలత పెట్టుకున్నవాళ్లు వీటిని నిర్దాక్షిణ్యంగా నరికేస్తుంటారు.

ఎంత సిరా ఉండాలో కూడా ముందే లెక్క వేసుకోవచ్చు. సంతకంలోని గీతలన్నీ సాపు చేసి పరిస్తే 25 సెంటీమీటర్లు అనుకుందాం. అది సుమారు 2950 చుక్కల పొడవు, ఐదు చుక్కల మందం. మొత్తం పద్నాలుగు వేల పైచిలుకు చుక్కలు. గడిలో ఉన్నవి 2,40,000. అంటే సిరా వాటా 6 శాతం. ఏ ఫారంలోనైనా ఇది 30 శాతం దాటితే అక్కడ జరుగుతున్నది వేరే ఏదో అని, 1 శాతం కూడా రాకపోతే గడి ఖాళీ అనో, కోత తప్పిందనో అర్థం. వందల ఫారాలు ఒకేసారి నడిపేటప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మే పరీక్ష ఇదే.

ఇంతవరకు వచ్చినా అసలు చిక్కు తీరలేదు. సంతకం కింది నల్ల గీత కూడా కాగితం కంటే నల్లగానే ఉంది కదా! థ్రెషోల్డ్ దాన్నీ సిరా అనే అంటుంది. ఇక్కడే రంగు అక్కరకొస్తుంది. నీలం సిరా ఎర్రటి వెలుగును మింగేస్తుంది, నీలం వెలుగును కొంత తిరిగి పంపుతుంది. మన సంతకంలో ఒక చుక్కను పట్టి చూస్తే ఎరుపు 60, ఆకుపచ్చ 80, నీలం 150 ఉంటుందనుకోండి. కాగితం 240, 238, 232. కొంచెం పసుపు ఛాయ అన్నమాట. నల్ల గీత మూడింట్లోనూ 45. ఇప్పుడు నీలం అంకెలోంచి ఎరుపు అంకెను తీసేయండి. సిరాకు 90 వస్తుంది. కాగితానికి మైనస్ 8. నల్ల గీతకు సున్నా. కాగితమూ అచ్చూ ఒకవైపు చేరిపోయాయి, సిరా ఒంటరిగా మిగిలింది. హద్దు 30 దగ్గర పెడితే చాలు.

```python
import cv2
import numpy as np
from PIL import Image

img = cv2.imread("form.png")
box = img[2650:2950, 1500:2300]
b, g, r = [c.astype(np.float32) for c in cv2.split(box)]

mask = ((b - r) > 30).astype(np.uint8) * 255
```

చివరి వరుసలో తయారైందే మాస్క్. సంతకం గడికి సరిగ్గా సరిపోయే ఇంకో బొమ్మ, అందులో సిరా ఉన్నచోట 255, మిగతా అంతా 0. ముగ్గు అచ్చు లాంటిదనుకోవచ్చు. చిల్లి ఉన్నచోటే పిండి పడుతుంది. సంతకం రంగు, మందం, వంపు ఏవీ మాస్క్‌కు తెలియవు. ఏ చుక్క సంతకానిది, ఏది కాదు అన్నదొక్కటే తెలుసు. అందువల్ల దాన్ని విడిగా శుభ్రం చేసుకోవచ్చు, తప్పులు దిద్దుకోవచ్చు. అసలు బొమ్మ చెక్కు చెదరదు.

మాస్క్‌ను తెర మీద పెద్దది చేసి చూస్తే మూడు రకాల లోపాలు కనిపిస్తాయి. మొదటిది, నల్ల గీత పైనో కిందో సన్నగా, ఒక చుక్క మందంతో పాకే నీలం చార. నల్ల గీతకు నీలం ఎక్కడిది? చవకైన పలక స్కానర్లలో చాలావాటికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. ఆ లోపు స్కానర్ తల ఇసుమంత ముందుకు జరుగుతుంది. దాంతో మూడు రంగుల బొమ్మలూ అంచుల్లో ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు, ప్రతి నల్ల గీతకూ రంగు అంచు పుడుతుంది. సంతకం గీతలు ఐదు చుక్కల మందం, ఈ చార ఒకటి రెండు చుక్కల మందం. కాబట్టి నిలువుగా మూడు చుక్కలైనా లేనిదాన్ని తుడిచేయమని చెబితే చార పోతుంది, సంతకం నిలుస్తుంది. 300 డీపీఐ కావాలని మొదట పట్టుబట్టింది ఇందుకే. 100 డీపీఐ బొమ్మలో రెండూ ఒకే మందం, తుడిస్తే రెండూ పోతాయి.

రెండోది దుమ్ము. స్కానర్ అద్దం మీది నలుసులు, కాగితంలోని నూగు రెండు మూడు చుక్కల తునకలుగా పడతాయి. ఒకదానికొకటి అంటుకున్న చుక్కల గుంపులను లెక్కపెట్టి, చిన్న గుంపులను తీసేయడం దీనికి మందు. ఎంత చిన్నవి? చాలామంది 50 చుక్కల లోపువన్నీ చెత్త అని రాసిపెడతారు. మన విద్యార్థి సంతకం కింద పెట్టిన చుక్క అర మిల్లీమీటర్ ఉంటుంది. 300 డీపీఐలో అది ఆరు చుక్కల అడ్డుకొలత, మొత్తం 28 చుక్కలు. 50 అని హద్దు పెడితే ఆ రెండు చుక్కలూ చెత్తతో పాటు పోతాయి. విడిగా నిలిచే చిన్న తలకట్టు కూడా సిరా సరిగా పారకపోతే ఈ వేటుకు దొరుకుతుంది. నేనైతే 12 దగ్గర ఆగుతాను. ఒకటి రెండు నలుసులు మిగిలినా నష్టం లేదు. సంతకంలోంచి ఒక గుర్తు పోతే అది ఆ మనిషి సంతకం కాకుండా పోతుంది.

మూడోది అన్నిటికంటే మొండిది. ఒత్తు గీతను దాటి కిందికి దిగిన చోట నీలం సిరా నల్ల అచ్చు మీద పడింది. నలుపు మీద నీలం నలుపే. అక్కడ నీలం నుంచి ఎరుపు తీసేస్తే దాదాపు సున్నా వస్తుంది కనుక, మాస్క్‌లో ఒత్తు అక్కడ తెగిపోయి పైన ఒక ముక్క, కింద ఒక ముక్క అవుతుంది. ఒక పాయింట్ మందం అచ్చు గీత 300 డీపీఐలో నాలుగు చుక్కలు, అంచులు కలిపితే ఆరు. ఆ ఆరు చుక్కల సందును పైనుంచి కిందికి పూడ్చాలి. పైనా కిందా రెండువైపులా సిరా ఉన్నచోట మాత్రమే పూడ్చే పద్ధతిని క్లోజింగ్ అంటారు. నిలువుగా ఏడు చుక్కల కొలత ఇస్తే ఆరు చుక్కల సందు మూసుకుంటుంది. గీతలోని మిగతా భాగానికి పైనా కిందా సిరా లేదు కాబట్టి అది తిరిగి రాదు.

```python
mask = cv2.morphologyEx(mask, cv2.MORPH_OPEN, np.ones((3, 1), np.uint8))

n, lab, st, _ = cv2.connectedComponentsWithStats(mask, connectivity=8)
for i in range(1, n):
    if st[i, cv2.CC_STAT_AREA] < 12:
        mask[lab == i] = 0

mask = cv2.morphologyEx(mask, cv2.MORPH_CLOSE, np.ones((7, 1), np.uint8))
mask = cv2.dilate(mask, np.ones((3, 3), np.uint8))
```

ఈ పూడ్చివేతకు ఒక పరిమితి ఉంది. నిలువుగా దిగిన ఒత్తుకు అతుకు చక్కగా పడుతుంది. బాగా వాలుగా గీసిన తోక గీతను దాటితే, పై ముక్క చివరా కింది ముక్క మొదలూ ఒకదాని కింద ఒకటి ఉండవు. ఒకటి రెండు చుక్కల మందమే అతుకు పడి, అక్కడ నడుము నొక్కినట్టు కనిపిస్తుంది. ఇక పెన్ను అచ్చు గీత మీదే పొడుగునా పాకి ఉంటే ఆ భాగం ఈ పద్ధతిలో దొరకదు. అలాంటి ఫారాలను పక్కన పెట్టి చేత్తో దిద్దుకోవడమే.

చివరి వరుస మాస్క్‌ను అన్నివైపులా ఒక్క చుక్క మేర ఉబ్బిస్తుంది. దాని కారణం పీఎన్‌జీ తయారీలో ఉంది, ఈ పనిలో అందరూ దెబ్బతినే చోటూ అదే.

మాస్క్ చేతికొచ్చాక చాలామంది దాన్ని నేరుగా ఆల్ఫాగా పెట్టేస్తారు. మాస్క్‌లో 255 ఉన్నచోట అసలు బొమ్మ కనిపిస్తుంది, 0 ఉన్నచోట పారదర్శకం. తెల్ల కాగితం మీద చూస్తే బాగానే ఉంటుంది. పసుపు కార్డు మీద పెట్టగానే ప్రతి గీత చుట్టూ పాలిపోయిన అంచు, గీత అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. కారణం సూక్ష్మమైనది. గీత అంచున ఉన్న చుక్కలో సగం సిరా, సగం కాగితం ఉంటాయి. స్కానర్ ఆ రెండింటి మిశ్రమాన్ని ఒకే రంగుగా చదువుతుంది. ఆ రంగును అలాగే ఉంచితే, అంచు వెంట కాగితం తెలుపును కూడా కార్డు మీదికి మోసుకెళ్తున్నాం.

కాబట్టి ప్రతి చుక్కనూ సిరానా కాగితమా అని అడగకూడదు, అందులో సిరా ఎంత అని అడగాలి. కాగితం ఎరుపు అంకె 240, నిండు సిరా అంకె 60. ఒక అంచు చుక్క 150 చూపిస్తే, 240 నుంచి 60 దాకా ఉన్న 180 దూరంలో అది 90 దిగింది. అంటే సరిగ్గా సగం సిరా. దాని ఆల్ఫా 255లో సగం, 128. చుక్క 195 ఉంటే పావు వంతు సిరా, ఆల్ఫా 64. సూత్రంగా రాస్తే ఇంతే:

```
a = (paper - pixel) / (paper - ink)
```

లెక్కకు ఎరుపు ఛానెల్‌నే ఎందుకు తీసుకున్నామంటే, నీలం సిరాకూ కాగితానికీ ఎడం అక్కడే ఎక్కువ. ఎరుపులో ఆ ఎడం 180, నీలంలో 82 మాత్రమే. ఎడం ఎంత ఎక్కువైతే సన్నని గీత అంత నిలకడగా పట్టుబడుతుంది. థ్రెషోల్డ్ దాటలేని అంచు చుక్కలకు కూడా ఈ లెక్కలో చోటివ్వడానికే మాస్క్‌ను ఒక్క చుక్క ఉబ్బించాం. మాస్క్ బయట ఉన్నవన్నీ 0 అయిపోతాయి. లోపల ఉన్నవాటికి వాటి సిరా ఎంతో అంత ఆల్ఫా.

ఆల్ఫా ఇలా లెక్క కట్టాక రంగు సంగతి తేలికైపోతుంది. ప్రతి చుక్కకూ ఒకటే ముదురు నీలం ఇస్తాం. లేతగా కనిపించాల్సిన చోట ఆల్ఫాయే లేతగా చూపిస్తుంది, వెనక ఉన్న కార్డు రంగు దాంట్లోంచి కనిపిస్తుంది. పసుపు మీద పెడితే పసుపులో కలుస్తుంది, నీలం మీద పెడితే నీలంలో. తెల్ల అంచు పుట్టే అవకాశమే లేదు.

```python
paper = np.median(r)
ink = np.percentile(r[mask > 0], 10)
a = np.clip((paper - r) / (paper - ink), 0, 1) * 255
a[mask == 0] = 0

out = np.zeros(box.shape[:2] + (4,), np.uint8)
out[..., :3] = (20, 40, 120)
out[..., 3] = np.round(a).astype(np.uint8)
Image.fromarray(out).save("sign.png", dpi=(300, 300))
```

అన్ని చుక్కలకూ ఒకే రంగు ఇవ్వడానికి ఇంకో కారణం ఉంది, అందానికి మించినది. పీఎన్‌జీలో ఆల్ఫా 0 అయిన చుక్క కంటికి కనిపించదు గాని, దాని రంగు అంకెలు ఫైలులోనే ఉంటాయి. అసలు బొమ్మ రంగులను అలాగే ఉంచి ఆల్ఫా మాత్రమే మార్చిన ఫైలులో, చెరిపేశామనుకున్న కాగితమంతా భద్రంగా ఉందన్నమాట. సంతకం పక్కన విద్యార్థి ఆధార్ నంబరో ఫోన్ నంబరో రాసి ఉంటే అది కూడా. ఆల్ఫాను తీసేసి చూపించమని ఏ ఇమేజ్ ఎడిటర్‌కు చెప్పినా మొత్తం బయటపడుతుంది. మనం పైన రాసిన కోడ్‌లో మాస్క్ బయట ఉన్న ప్రతి చుక్కా అదే ముదురు నీలం. ఆల్ఫా తీసేస్తే ఒక నీలం పలక తప్ప ఇంకేమీ రాదు. వేరే పనిముట్టుతో తయారైన ఫైలును పరీక్షించాలన్నా దారి ఇదే. ఆల్ఫా తీసేసి చూడండి, ఫారం కనిపిస్తే ఆ ఫైలు బయటికి పంపదగినది కాదు.

చివరి వరుసలో 300 అని రాయడం మరవకూడదు. ఆ సంఖ్య ఫైలులో లేకపోతే చాలా సాఫ్ట్‌వేర్లు అంగుళానికి 96 చుక్కలు అనుకుంటాయి. అప్పుడు మన 800 చుక్కల సంతకం కార్డు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో 21 సెంటీమీటర్ల వెడల్పుతో దిగి, దాన్ని చేత్తో ఒక్కొక్కటీ కుదించాల్సి వస్తుంది. సంఖ్య ఉంటే కాగితం మీద ఎంతుందో అంతే దిగుతుంది.

పరీక్ష తెల్ల నేపథ్యం మీద చేయకండి. తెలుపు మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. ఒకసారి నిండు పసుపు మీద, ఒకసారి ఎరుపు మీద పెట్టి, నాలుగు రెట్లు పెద్దది చేసి చూడండి. గీత చుట్టూ లేత అంచు ఉంటే కాగితం అంకె తప్పుగా అంచనా వేశారని అర్థం. గీతలు నడిమధ్య వెలిసినట్టుంటే సిరా అంకె మరీ తక్కువ తీసుకున్నారు. గడి మొత్తం మీద పలుచని పొర కనిపిస్తే మాస్క్ వాడలేదు.

ఈ పద్ధతి నీలం పెన్ను మీద ఆధారపడింది. విద్యార్థి నల్ల పెన్ను వాడితే రంగు తేడా లేదు, అచ్చు గీతను దాని ఆకారాన్ని బట్టే పట్టుకోవాలి: అడ్డంగా 80 చుక్కలకు తక్కువ కాకుండా సూటిగా సాగినదాన్ని గీత అని గుర్తించి తీసేసి, తెగిన చోట్లను పూడ్చాలి. గీత కొంచెం వంకర పోయినా, సంతకం కింద అతను స్వయంగా ఒక గీత లాగినా ఇది తడబడుతుంది. ఫోన్‌తో తీసిన ఫోటోల్లో ఒక మూల వెలుగు, ఒక మూల చేతి నీడ ఉంటాయి. పేజీ అంతటికీ ఒకే కాగితం అంకె కుదరదు. బాగా మసకబార్చిన ప్రతిని నేపథ్యంగా తీసుకుని అసలును దానితో భాగించి వెలుగును సమం చేశాకే మిగతా పని మొదలుపెట్టాలి.

ముద్ర దగ్గర మాత్రం ఓటమి ఒప్పుకోవాల్సిందే. ఊదా రంగు రబ్బరు స్టాంపు సిరా ఎరుపు 110, ఆకుపచ్చ 80, నీలం 160 ఉంటే, నీలం నుంచి ఎరుపు తీసేయగా 50 వస్తుంది. మన 30 హద్దును అది హాయిగా దాటేస్తుంది. ఊదాలో ఆకుపచ్చ కంటే ఎరుపు ఎక్కువ, మన పెన్ను సిరాలో తక్కువ. ఆ తేడాతో విడిగా ఉన్న ముద్ర భాగాన్ని తీసేయవచ్చు. ముద్ర, సంతకం ఒకదానిమీద ఒకటి పడ్డచోట మిగిలింది ఒకే ముదురు రంగు. ఏది దేనిదో ఏ హద్దూ చెప్పలేదు. చెక్కుల బొమ్మలతోనే క్లియరింగ్ నడిచే పద్ధతి మన దేశంలో 2008లో ఢిల్లీలో మొదలైంది. అందుకోసం రిజర్వు బ్యాంకు ఇచ్చిన సూచనల్లో, రబ్బరు ముద్ర తేదీ, మొత్తం, సంతకం వంటివాటిని కప్పేయకూడదన్నది ఒకటి. ఆఫీసు ఫారాలకూ అదే పాటించి ముద్రకు వేరే గడి ఇస్తే సగం తలనొప్పి ఉండదు. ఇప్పటికే ముద్ర పడిపోయిన కాగితానికైతే ఆ మనిషి చేత తెల్ల కాగితం మీద మళ్లీ సంతకం చేయించుకోవడమే దారి.

ఇలా తీసిన బొమ్మకు చట్టంలో ఉన్న స్థానం గురించి కూడా చెప్పుకోవాలి. 2000 నాటి ఐటీ చట్టంలోని మూడో సెక్షన్ చెప్పే డిజిటల్ సంతకం ఇది కాదు. అది రహస్య తాళంతో లెక్కకట్టే సంకేతం. పత్రంలో ఒక్క అక్షరం మారినా సరిపోలదు. పీఎన్‌జీ సంతకం ఏ పత్రం మీద పెట్టినా అంతే అందంగా ఉంటుంది, దాని ప్రమాదమూ అదే. విద్యార్థి కార్డు కోసం ఇచ్చిన సంతకాన్ని కార్డుకే వాడాలి. కార్డులు అచ్చయ్యాక ఆ ఫైళ్లు అందరూ తెరిచే ఫోల్డర్‌లో పడి ఉండకూడదు.

ప్రిన్సిపాల్ సంతకం విషయంలో ఇంకో మెలిక ఉంది. సర్క్యులర్ పీడీఎఫ్‌లో పారదర్శక పీఎన్‌జీని పెట్టి వాట్సాప్ గ్రూపుల్లోకి పంపిస్తే, సాధారణంగా ఆ సంతకం పీడీఎఫ్‌లో విడి బొమ్మగానే ఉంటుంది, దాని ఆల్ఫా పక్కనే ఇంకో బొమ్మగా ఉంటుంది. మొదట చెప్పిన `pdfimages` పనిముట్టే ఆ రెండింటినీ క్షణంలో బయటికి తీస్తుంది. మనం ఇంత శ్రమపడి శుభ్రం చేసిన సంతకం తయారుగా ఎవరి చేతికైనా చిక్కుతుంది. అందుకని బయటికి వెళ్లే పత్రాన్ని ముందు 150 డీపీఐ బొమ్మగా మార్చి, ఆ బొమ్మతో పీడీఎఫ్ తయారుచేసి పంపాలి. అప్పుడు సంతకం గీత రెండు మూడు చుక్కల మందానికి తగ్గి, కింది అక్షరాలతో, ముద్రతో కలిసిపోతుంది. చదవడానికి ఇబ్బంది ఉండదు, విడదీయడం మాత్రం మనం ఇప్పటిదాకా చూసిన కష్టాలన్నీ పడితే తప్ప కుదరదు. ప్రిన్సిపాల్ సంతకాన్ని ముద్ర మీదికి కొంచెం జరిపి పెడితే ఇంకా మంచిది.